20 పాచికల మొత్తానికి నార్మల్ అంచనా: ఆ 0.5 ఎటు కలపాలి, ఎటు తీసేయాలి

పాచికను 20 సార్లు వేసి, పడిన అంకెలన్నీ కూడితే మొత్తం కనీసం 80 వచ్చే సంభావ్యత ఎంత? ఈ లెక్క మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "79.5 తీసుకోవాలా, 80 తీసుకోవాలా, 80.5 తీసుకోవాలా?" సూత్రం అందరికీ వస్తుంది. పట్టిక చూడటమూ వస్తుంది. ఆ అర దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. కొందరు అది చిన్న తేడాయే కదా అని వదిలేస్తారు. ఇంకొందరు ఎప్పుడూ కలుపుతారు, లేదంటే ఎప్పుడూ తీసేస్తారు. అదృష్టం బాగుంటే సగం సార్లు సరిపోతుంది.

అందుకే ఈ ఒక్క లెక్కనే మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. మీరు పక్కన కాగితం పెట్టుకుని నాతో పాటే చేయండి. ఆ తర్వాత 20 బదులు 50 ఉన్నా, 80 బదులు ఇంకేదైనా ఉన్నా పద్ధతి ఇదే.

ఏమేం కావాలి

- వర్గమూలం తీయగలిగే కాలిక్యులేటర్.
- నార్మల్ పట్టిక, లేదా స్ప్రెడ్‌షీట్.
- కాగితం, పెన్సిల్. ఇది మాట వరసకి చెప్పడం లేదు. బొమ్మ గీయకుండా చేసిన లెక్కల్లోనే ఎక్కువ తప్పులు చూశాను.
- సరిచూసుకోవాలంటే పైథాన్ ఉన్న కంప్యూటర్. లేకపోయినా పని ఆగదు.

1. ప్రశ్నను పూర్ణాంకాల్లో రాసుకోండి

లెక్కలోకి దిగేముందు, ఏ మొత్తాలు మనకు కావాలో ఒక్కొక్కటిగా రాయండి. "కనీసం 80" అంటే 80, 81, 82, ... 120. "80 కంటే ఎక్కువ" అంటే 81, 82, ... 120. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. 80 లోపల ఉందా, బయట ఉందా అన్నదే తేడా.

మామూలు నార్మల్ లెక్కల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఒక్క బిందువుకు సంభావ్యత సున్నా కాబట్టి పట్టించుకోనక్కర్లేదు కూడా. పాచికల్లో అలా కాదు. సరిగ్గా 80 పడే అవకాశం 0.0224, అంటే నూరింటికి రెండు పైనే. దాన్ని పొరపాటున అటో ఇటో తోసేస్తే జవాబు కళ్ళకు కనిపించేంతగా మారిపోతుంది.

2. ఒక్క పాచిక సగటు, విస్తృతి కట్టండి

సగటు: (1+2+3+4+5+6)/6 = 3.5.

విస్తృతికి వర్గాల సగటు తీసి, అందులోంచి సగటు వర్గం తీసేయాలి. వర్గాల మొత్తం 1+4+9+16+25+36 = 91. దాన్ని 6తో భాగిస్తే 15.1667. అందులోంచి 3.5 × 3.5 = 12.25 తీసేస్తే 2.9167. భిన్నంగా రాస్తే 35/12. ఆరు ముఖాల పాచికకు ఇది ఎప్పటికీ మారదు కాబట్టి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. 1 నుంచి 6 దాకా ఏకరూప విభాజనం అనుకుని, (6−1)²/12 సూత్రం వాడి 25/12 రాసేస్తారు. ఆ సూత్రం 1కీ 6కీ మధ్య ఉన్న దశాంశాలన్నీ పడగలిగితేనే పనికొస్తుంది. పాచిక మీద 2.7 పడదు. ఆరు ముఖాలకు సరైన సూత్రం (6²−1)/12. అది 35/12 ఇస్తుంది.

3. 20 సార్లకు పెంచండి

మొత్తం సగటు: 20 × 3.5 = 70.

మొత్తం విస్తృతి: 20 × 35/12 = 58.333.

మొత్తం ప్రామాణిక విచలనం: √58.333 = 7.6376.

విస్తృతిని 20తో గుణించి ఆ తర్వాత వర్గమూలం తీయాలి. ముందే వర్గమూలం తీసి (1.7078 వస్తుంది) దాన్ని 20తో గుణించకండి. అలా చేస్తే 34.16 వస్తుంది, అది చాలా పెద్ద సంఖ్య. దానికి అర్థం కూడా వేరు: పాచికను ఒక్కసారే వేసి, పడిన అంకెను 20తో గుణిస్తే వచ్చే విచలనం అది. మనం 20 సార్లు విడివిడిగా వేస్తున్నాం. ఒకసారి ఎక్కువ పడితే ఇంకోసారి తక్కువ పడి కొంత సర్దుకుంటుంది. అందుకే విచలనం 20 రెట్లు కాకుండా √20 రెట్లు, అంటే సుమారు 4.47 రెట్లే పెరుగుతుంది.

అనుమానం వస్తే ఇలా చూసుకోండి. మొత్తం 20 కంటే తగ్గదు, 120 దాటదు. సగటు 70కి ఇరువైపులా ఉన్నది 50 మాత్రమే. విచలనం 34 అయితే రెండు విచలనాలు వెళ్ళేలోపే పాచికలతో రాగల మొత్తాలు దాటి బయటపడతాం. 7.6 అయితే ఆరున్నర విచలనాల చోటు ఉంటుంది. రెండోదే కుదురుతుంది.

4. గోడ ఎక్కడ కట్టాలో బొమ్మ గీసి తేల్చండి

అసలు పని ఇదే. దీనికి తొందర పడకండి.

కాగితం మీద ఒక గీత గీసి 78, 79, 80, 81, 82 గుర్తించండి. ఒక్కో అంకె మీద ఒక్కో నిలువు దిమ్మె నిలబెట్టండి. దిమ్మె వెడల్పు 1. అంటే 80 దిమ్మె 79.5 దగ్గర మొదలై 80.5 దగ్గర అయిపోతుంది. 79 దిమ్మె 78.5 నుంచి 79.5 దాకా. పక్కపక్క దిమ్మెలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, మధ్యలో సందు ఉండదు. ఒక్కో దిమ్మె వైశాల్యమే ఆ మొత్తం పడే సంభావ్యత.

ఇప్పుడు ఆ దిమ్మెల తలల మీదుగా నార్మల్ వక్రాన్ని నున్నగా గీయండి. మనం చేయబోయేదల్లా దిమ్మెల వైశాల్యం బదులు వక్రం కింద వైశాల్యం తీసుకోవడమే.

ప్రశ్న "కనీసం 80" కాబట్టి 80 దిమ్మె మొత్తం మనకు కావాలి. దాని ఎడమ అంచు 79.5 దగ్గర ఉంది. గోడ అక్కడ కట్టాలి. 80 దగ్గరే గోడ కడితే ఆ దిమ్మెను నిట్టనిలువునా మధ్యకు కోసినట్టు. కుడి సగం లోపలికి వస్తుంది, ఎడమ సగం బయట పడుతుంది. "సగం 80" అడిగే ప్రశ్న ఎక్కడా ఉండదు. 80 కావాలంటే అంతా కావాలి, వద్దంటే అంతా వద్దు.

కంటిన్యుటీ కరెక్షన్ అంటే ఇంతే. గోడను దిమ్మె మధ్యలోంచి దాని అంచుకు జరపడం. కలపాలా, తీసేయాలా అన్నది బట్టీ పట్టాల్సిన నియమం కాదు. బొమ్మలో ఏ దిమ్మెలు కావాలో రంగు వేస్తే, రంగు ఆగిపోయే అంచే జవాబు.

బొమ్మ చూస్తూ ఇవి మీరే తేల్చి, ఆ తర్వాత పోల్చుకోండి:

- కనీసం 80: 79.5కి కుడివైపు.
- 80 కంటే ఎక్కువ: 80.5కి కుడివైపు.
- 80 దాటకూడదు: 80.5కి ఎడమవైపు.
- 80 కంటే తక్కువ: 79.5కి ఎడమవైపు.
- సరిగ్గా 80: 79.5కీ 80.5కీ మధ్య.
- 60 నుంచి 80 దాకా, రెండూ కలుపుకుని: 59.5కీ 80.5కీ మధ్య.

మొదటిదానికీ నాలుగోదానికీ గోడ ఒకటే. రెండోదానికీ మూడోదానికీ కూడా అంతే. ఇది యాదృచ్ఛికం కాదు. సరిచూసుకునేటప్పుడు దీన్నే వాడుకుంటాం.

5. z కట్టి పట్టిక చూడండి

z = (79.5 − 70) / 7.6376 = 9.5 / 7.6376 = 1.2438

పట్టికలో 1.24కి ఎడమ వైశాల్యం 0.8925, 1.25కి 0.8944. మనది 1.2438 కాబట్టి రెండింటి మధ్య తేడాలో 0.38 వంతు కలుపుకుంటే 0.8932. మనకు కావలసింది కుడివైపు:

1 − 0.8932 = 0.1068

స్ప్రెడ్‌షీట్ ఉంటే పట్టిక అక్కర్లేదు. ఏదైనా గడిలో ఇది టైప్ చేయండి:

```
=1-NORM.DIST(79.5,70,SQRT(20*35/12),TRUE)
```

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పట్టిక ఎడమ వైశాల్యం ఇస్తోందా, సగటు నుంచి z దాకా వైశాల్యం ఇస్తోందా అన్నది పట్టిక పైనున్న బొమ్మలో చూడండి. z = 0 దగ్గర 0.5000 ఉంటే మొదటి రకం, 0.0000 ఉంటే రెండో రకం. రెండో రకమైతే 1లోంచి కాకుండా 0.5లోంచి తీసేయాలి. ఇక రెండోది, `NORM.DIST`లో మూడోది ప్రామాణిక విచలనం. అక్కడ 58.333 వేస్తే ఏ తప్పూ చూపించకుండా తప్పు జవాబు ఇచ్చేస్తుంది.

6. అసలు జవాబుతో పోల్చండి

20 పాచికలకు కచ్చితమైన లెక్క అసాధ్యమేమీ కాదు, చేత్తో చేస్తే పొడుగు, అంతే. మొత్తం 6²⁰ రకాలుగా పాచికలు పడవచ్చు. వాటిలో 80 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇచ్చేవి ఎన్నో లెక్కపెడితే సంభావ్యత 0.1075 వస్తుంది. ఈ చిన్న కోడ్ అదే పని చేస్తుంది:

```python
ways = [1]
for _ in range(20):
    new = [0] * (len(ways) + 6)
    for s, w in enumerate(ways):
        for f in range(1, 7):
            new[s + f] += w
    ways = new
print(sum(ways[80:]) / 6**20)
```

ఒక్కో పాచికను చేర్చుకుంటూ, ప్రతి మొత్తం ఎన్ని రకాలుగా వస్తుందో ఇది `ways`లో దాచుకుంటుంది. చివరి వరసలో 80 బదులు 81 పెడితే "80 కంటే ఎక్కువ" వస్తుంది.

ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. కనీసం 80 పడే అసలు సంభావ్యత 0.1075, అర సవరణతో మన అంచనా 0.1068. 80 కంటే ఎక్కువ పడే అసలు సంభావ్యత 0.0851, 80.5తో చేసిన అంచనా 0.0846. రెండూ మూడో దశాంశం దాకా దగ్గరగానే ఉన్నాయి.

సవరణ లేకుండా 80నే పెడితే? z = 10/7.6376 = 1.3093, జవాబు 0.0952. ఇది 0.1075కీ దగ్గర కాదు, 0.0851కీ దగ్గర కాదు. సరిగ్గా రెండింటి నడుమ వేలాడుతోంది. 80 దిమ్మెను సగానికి కోసిన ఫలితం ఇదే. అందుకే సవరణ లేని జవాబును కొంచెం తక్కువ కచ్చితమైన జవాబు అనడానికి నాకు మనసొప్పదు. అది మీరు అడగని ప్రశ్నకు జవాబు.

ఒక చిన్న చిక్కు ఇక్కడే చెప్పాలి. z ను 1.24గా కుదించి నేరుగా పట్టిక చూస్తే 1 − 0.8925 = 0.1075 వస్తుంది. అది అసలు జవాబుతో నాలుగు దశాంశాలూ కలుస్తుంది! దాన్ని చూసి మురిసిపోకండి. కుదింపులో వచ్చిన తేడా, నార్మల్ అంచనాలో ఉన్న తేడా ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అంతే. ఇంకో లెక్కలో అవే రెండూ ఒకవైపుకు కలిసిరావచ్చు. z ను నాలుగు దశాంశాల దాకా ఉంచుకోండి, జవాబును మూడు దశాంశాల మించి నమ్మకండి.

కంప్యూటర్ లేనప్పుడు సరిచూసుకోవడం

మొదటి పరీక్ష: పక్క ప్రశ్నను కూడా చేసి రెండూ కలపండి. "కనీసం 80", "79 దాటకూడదు" అనే రెండు ప్రశ్నలు కలిసి అన్ని మొత్తాలనూ మింగేస్తాయి. కాబట్టి రెండు జవాబులు కలిపితే 1 రావాలి. సరిగ్గా చేస్తే రెండింటికీ గోడ 79.5 దగ్గరే, కాబట్టి 0.1068 + 0.8932 = 1. సవరణ లేకుండా చేస్తే మొదటిదానికి 80, రెండోదానికి 79 వాడతారు. అప్పుడు వచ్చేది 0.0952 + 0.8807 = 0.9759. మిగతా 0.024 ఎక్కడికి పోయింది? 79కీ 80కీ మధ్య, రెండు ప్రశ్నలూ వదిలేసిన సందులో పడిపోయింది. గోడను తప్పు వైపు జరిపినా ఈ పరీక్షలో దొరికిపోతారు. అప్పుడు మొత్తం 1 కంటే మరీ తక్కువ వస్తుంది.

రెండో పరీక్ష: అద్దంలో చూడండి. ప్రతి పాచికనూ తిరగేసి చూస్తే అడుగున ఉన్నదీ పైన ఉన్నదీ కలిపి 7 ఉంటుంది. కాబట్టి పైన మొత్తం 80 అయితే అడుగున మొత్తం 140 − 80 = 60. కనీసం 80 పడే సంభావ్యత, 60 దాటకుండా పడే సంభావ్యత ఒకటే కావాలి. రెండోదానికి గోడ 60.5, z = −1.2438. అదే అంకె, గుర్తు మాత్రమే మారింది. గుర్తు కాక ఇంకేమైనా మారితే ఎక్కడో ఒకచోట అర తప్పు వైపు వెళ్ళింది.

పాచికలను నిజంగానో కంప్యూటర్లోనో 10,000 విడతలు వేసి చూస్తామనేవాళ్ళు కూడా ఉన్నారు. మంచిదే, కానీ దానితో ఏం తేలుతుందో ముందే తెలుసుకోండి. 10,000 విడతల్లో వచ్చే నిష్పత్తికి దానంతట దానికే సుమారు 0.003 ఊగిసలాట ఉంటుంది. కాబట్టి 0.0952 తప్పని అది తేల్చగలదు. 0.1068, 0.1075లలో ఏది సరైనదో మాత్రం తేల్చలేదు.

ప్రశ్న కొంచెం మారితే

సగటు అడిగితే చాలామంది పడిపోతారు. "20 సార్ల సగటు కనీసం 4 అయ్యే సంభావ్యత ఎంత?" అన్నది పైన చేసిన లెక్కే, ఎందుకంటే 20 × 4 = 80. కానీ సగటుకు విచలనం 0.3819 అని కట్టి, 4లోంచి 0.5 తీసేసి 3.5 పెడతారు. అది సగటు దగ్గరే కూర్చుంటుంది కాబట్టి జవాబు 0.5 వచ్చేస్తుంది. సగటుల్లో దిమ్మె వెడల్పు 1 కాదు, 1/20. ఒక పాచిక మీద ఒక్క చుక్క పెరిగితే సగటు 0.05 పెరుగుతుంది. అందులో సగం 0.025. గోడ 3.975 దగ్గర పెడితే z మళ్ళీ 1.2438 వస్తుంది. ఈ గొడవంతా ఎందుకనుకుంటే సగటును ముందే మొత్తంగా మార్చేసుకోండి. నేను ఎప్పుడూ అదే చేస్తాను.

దీన్నే ఇంకోలా చెప్పుకోవచ్చు. సవరణ 0.5 కాదు, పక్కపక్క మొత్తాల మధ్య దూరంలో సగం. ఒక్కో చుక్కకు 5 పాయింట్లు ఇచ్చే ఆటైతే మొత్తాలు 5 అంగలతో పెరుగుతాయి, సవరణ 2.5. ముఖాల మీద 2, 4, 6, 8, 10, 12 ఉంటే మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే, సవరణ 1.

వెనక్కి వెళ్ళే ప్రశ్న ఇంకొకటి. "ఎంత మొత్తం పెడితే, కనీసం అంత పడే అవకాశం 5 శాతం దాటదు?" ఇక్కడ పట్టిక నుంచి మొదలుపెట్టాలి. కుడివైపు 0.05 వదిలే z = 1.645. గోడ స్థానం 70 + 1.645 × 7.6376 = 82.56. ఇక్కడ ఆగి 83 అని రాసేస్తే తప్పు. 82.56 అన్నది గోడ, దిమ్మె కాదు. మనకు కావలసిన దిమ్మె ఎడమ అంచు ఈ గోడకు కుడివైపున ఉండాలి. 83 దిమ్మె ఎడమ అంచు 82.5, గోడకు కొంచెం ఎడమ పక్కన ఉంది. కనీసం 83కి సంభావ్యత కడితే 0.0509, 5 శాతం దాటిపోయింది. 84కి ఎడమ అంచు 83.5, సంభావ్యత 0.0386. జవాబు 84. అర అంత చిన్నదే అయినా ఇక్కడ పూర్ణాంకాన్నే మార్చేసింది.

ఎక్కడ నమ్మకూడదు

"కనీసం ఎన్ని పాచికలు ఉండాలి?" అన్నది తరచూ వచ్చే ప్రశ్న. పాచిక సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి అంచనా చాలా త్వరగా కుదురుకుంటుంది. 10 పాచికలు వేసి కనీసం 45 పడే అసలు సంభావ్యత 0.0390. సగటు 35, విచలనం 5.4006, గోడ 44.5 పెడితే 0.0393 వస్తుంది. సవరణ మానేస్తే 0.0320. పాచికలు తక్కువైన కొద్దీ దిమ్మెలు లావవుతాయి, కాబట్టి అర సవరణ అవసరం అక్కడే ఎక్కువ. 10 దగ్గరే ఇంత బాగుంటే, 30 ఉంటే గానీ నార్మల్ వాడకూడదన్న నియమాన్ని పాచికల మీద రుద్దాల్సిన పని లేదు.

నిజంగా చూసుకోవాల్సింది పాచికల సంఖ్య కంటే z ఎంత దూరంలో ఉందన్నది. అదే 20 పాచికలతో కనీసం 95 అడగండి. గోడ 94.5, z = 3.21, అంచనా 0.00067. అసలు విలువ 0.00052. అంచనా నాలుగో వంతు కంటే ఎక్కువే పెరిగిపోయింది. కనీసం 110 అడిగితే z = 5.17, అంచనా వంద కోట్లకు సుమారు 116. అసలు విలువ వంద కోట్లకు 8. అంటే పద్నాలుగు రెట్లు ఎక్కువ చెప్పింది.

కారణం బొమ్మలోనే ఉంది. పాచికల మొత్తం 120 దగ్గర ఆగిపోతుంది, నార్మల్ వక్రం ఆగదు. అందుకే 120 వైపు వెళ్ళేకొద్దీ దిమ్మెలు వక్రం కంటే చాలా త్వరగా పొట్టివైపోతాయి, వక్రం వాటి తలల పైనే ఉండిపోతుంది. ఈ తప్పును ఏ అర సవరణా బాగుచేయలేదు. z రెండున్నర దాటిందంటే అంచనాను సుమారుగా మాత్రమే తీసుకోండి. మూడు దాటితే పైనున్న కోడ్ నడపండి.

పాచిక వంకర ఉంటే మాత్రం ఇవేవీ పనికిరావు. జీవశాస్త్రవేత్త డబ్ల్యు.ఎఫ్.ఆర్. వెల్డన్ 1894లో 12 పాచికలను 26,306 సార్లు వేసిన ఫలితాలు గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు పంపారు. అందులో 5 గానీ 6 గానీ పడిన నిష్పత్తి 0.3377, పడాల్సింది 0.3333. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ మొత్తాల మీద దాని పని వేరు. ఒక పాచిక అసలు సగటు 3.5 కాకుండా 3.52 అనుకుందాం. 20 సార్లకు మొత్తం సగటు 0.4 జరుగుతుంది. మనం ఇంతసేపూ కష్టపడి సరిచేసిన అరకు దాదాపు సమానం. 10,000 సార్లు వేస్తే ఆ జరుగుడు 200 అవుతుంది, విచలనమేమో 171 దగ్గరే ఉంటుంది. జరుగుడు వేసిన సార్లతో పాటు పెరుగుతుంది, విచలనం దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. అందుకే చేతిలో ఉన్న నిజం పాచికతో వేలసార్ల మొత్తం అంచనా వేయాలంటే, ముందు దాని సొంత సగటును కొలవండి. సూత్రంలో 3.5 ఉన్న చోట ఆ కొలిచిన విలువ పెట్టండి.